బొద్దింకల పద్దు

నెలాఖరు ఆదివారం రాత్రి, చివరి గిరాకీ వెళ్లిపోయాక, వీపున పంపు తగిలించుకుని ఒక కుర్రాడు హోటల్‌కి వస్తాడు. గోడల అంచులకు, సింకు కింద, మోరీ జాలీ మీద మందు కొడతాడు. పావుగంటలో పని అయిపోతుంది. కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. పొద్దున్నే క్లీనరు షట్టరు తీసేసరికి నేల మీద ముప్పై నలభై బొద్దింకలు వెల్లకిలా పడి ఉంటాయి. ఓనరు వాటిని చూసి, మందు బాగానే పనిచేసిందనుకుంటాడు. పదిహేను రోజులు తిరక్కుండానే గ్రైండరు వెనకాల మళ్లీ మీసాలు కదులుతుంటాయి.

మన ఊళ్లలో చాలా హోటళ్లకు పెస్ట్ కంట్రోల్ అంటే తెలిసింది ఇదే. కుర్రాడి తప్పు కాదు, మందు నకిలీదీ కాకపోవచ్చు. చచ్చినవి ఎన్నో అందరికీ కనబడ్డాయి, మిగిలినవి ఎన్నో, ఎక్కడున్నాయో ఎవరూ చూడలేదు. అది చూడటానికి కావలసినవి ఒక టార్చి, పది జిగురు అట్టలు, ఒక నోటుపుస్తకం. వీటికయ్యే ఖర్చు ఒక నెల మందు బిల్లులో చిన్న వంతు కూడా ఉండదు.

ముందు మన శత్రువెవరో తెలియాలి. బాత్‌రూమ్‌లోనో మోరీలోనో కనబడే పెద్ద ఎర్ర బొద్దింక, రెక్కలు విప్పి మొహం మీదికి ఎగిరి అందరినీ హడలగొట్టేది, అమెరికన్ బొద్దింక. దాని కాపురం మురుగు కాలవల్లో. దారి తప్పి వంటగదిలోకి వస్తుంది. జాలీ సరిచేసి, సందులు మూస్తే దాని బెడద చాలా వరకు తగ్గుతుంది. హోటళ్లను పీడించేది వేరే ఉంది. ఒళ్లంతా లేత గోధుమరంగు, పొడవు ఒకటిన్నర సెంటీమీటరు లోపే, తల వెనక పలకమీద రెండు నల్లటి నిలువు చారలు. ఇది జర్మన్ బొద్దింక. రెక్కలుంటాయి గానీ ఎగరదు. మోరీతో దీనికి పెద్దగా పని లేదు. వెచ్చదనం, తడి, ఇరుకు, ఈ మూడూ ఒక్కచోట దొరికితే చాలు, అక్కడే తరతరాలుగా స్థిరపడుతుంది. హోటల్ వంటగదిలో ఆ మూడూ ప్రతి మూలా దొరుకుతాయి.

దీని సంతాన పద్ధతి తెలిస్తే నెలకోసారి పంపు కొట్టడం ఎందుకు చాలదో అర్థమవుతుంది. ఆడది గుడ్లన్నిటినీ ఒక చిన్న గట్టి తిత్తిలో పెట్టి, ఆ తిత్తిని ఒంటి చివర మోసుకు తిరుగుతుంది. ఒక్కో తిత్తిలో ముప్పై నుంచి నలభై గుడ్లు. మూడు నాలుగు వారాల పాటు మోసి, పిల్లలు బయటికి వచ్చే ముందే దాన్ని వదులుతుంది. మనం కొట్టే మందు ఆ తిత్తి గోడను దాటి లోపలికి పోదు. పైగా తిత్తి మోసే ఆడది తిండికోసం పెద్దగా బయటికి రాదు, పగుళ్ల లోతుల్లో దాక్కుంటుంది. పుట్టిన పిల్ల మన వంటగది వేడిలో దాదాపు రెండు నెలలకు పెద్దదై తానూ తిత్తి మోయడం మొదలెడుతుంది. అంటే ఆదివారం రాత్రి మందు తగిలి చచ్చినవి తిరుగుబోతులు. అసలు సంసారం గ్రైండరు మోటారు పెట్టెలో క్షేమంగా ఉంది.

మన దగ్గర కొట్టే పంపు మందుల్లో ఎక్కువ భాగం పైరిథ్రాయిడ్ జాతివి. వీటికి ఇంకో గుణం ఉంది. వాసన తగలగానే బొద్దింకలు చిరాకుపడి పరుగులు తీస్తాయి. మందు చాలినవి నేల మీద పడతాయి. చాలనివి కొత్త సందులు వెతుక్కుంటాయి. వంటగదిలో తరిమితే స్టోరు గదికి, స్టోరులో తరిమితే బిల్లు కౌంటరు కిందికి. కంప్యూటరు వెనక, ప్రింటరు లోపల వెచ్చగానే ఉంటుంది కదా! దానికి తోడు ఈ జాతి మందులకు జర్మన్ బొద్దింకలు ప్రపంచమంతటా అలవాటు పడిపోయాయి. డోసు పెంచితే ముందు దగ్గొచ్చేది వంటమాస్టరుకే.

రాత్రి పదకొండున్నర తర్వాత

పగలు చేసే తనిఖీకి విలువ తక్కువ. బొద్దింక చీకటి జీవి. పట్టపగలు లైట్ల కింద ఒక్కటి కనబడినా, దాక్కోవడానికి చోటు చాలక బయటపడిందని లెక్క. అంటే లోపల బాగా కిక్కిరిసి ఉందన్నమాట. అందుకే అసలు తనిఖీ హోటల్ కట్టేశాక జరగాలి. గిన్నెలు తోమి, నేల కడిగి, లైట్లన్నీ ఆర్పి, అరగంట ఎవరూ లోపలికి పోకూడదు. తర్వాత టార్చితో ఒక్క మనిషి వెళ్లాలి. టార్చి మొహానికి ఎర్ర జిలుగు కాగితం కడితే మరీ మంచిది. ఎర్ర వెలుతురు బొద్దింకలకు సరిగా కనబడదు కాబట్టి పారిపోకుండా తమ పని తాము చేసుకుంటాయి, ఎటు నుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో మనకు తెలుస్తుంది.

ఎక్కడ చూడాలన్నది అనుభవం మీద వస్తుంది. కొన్ని చోట్లు మాత్రం ఏ హోటల్‌లోనైనా ఒక్కటే. ఫ్రిజ్ వెనక కంప్రెసరు, ఫ్రిజ్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడత, పిండి గ్రైండరు మోటారు పెట్టె, దోసె పెనం కింద ఇనుప చట్రం, స్విచ్‌బోర్డు వెనక పెట్టె, కాఫీ మిషను అడుగు, గోడకు కొట్టిన చెక్క అర వెనక. చాలామంది మరచిపోయేది ఒకటుంది, స్టీలు బల్ల కాళ్లు. అవి లోపల బోలుగా ఉంటాయి. అడుగున ఉండాల్సిన ప్లాస్టిక్ బిరడా ఊడిపోతే, ఆ గొట్టం వాటికి అంతస్తులున్న మేడే. బల్లను కొద్దిగా ఎత్తి నేలకేసి తట్టి చూడండి, ఎన్ని రాలతాయో!

బొద్దింకలే కనబడాలని లేదు. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు ఉంటే అది వాటి రెట్ట. లేత రంగు పొట్టులాంటివి కనబడితే పిల్లలు విడిచిన చర్మాలు. గోధుమ గింజంత పెట్టెలు ఖాళీగా పడి ఉంటే అక్కడ పిల్లలు పుట్టినట్టు. మూసి ఉన్న అల్మారా తలుపు తీయగానే జిడ్డు కలిసిన ముక్కవాసన ముఖాన కొడితే, చూడకుండానే రాసుకోవచ్చు.

ఈ తనిఖీ రోజూ చేయనక్కర్లేదు, వారానికొకసారి చాలు. కానీ రోజూ రాత్రి తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. తడి లేకుండా తుడవడం. జర్మన్ బొద్దింక తిండి లేకున్నా నీళ్లుంటే నెలదాకా బతికేస్తుంది. నీళ్లు కూడా లేకపోతే రెండు వారాలు గడవడం కష్టం. మనవాళ్లు నేల కడిగి, నీళ్లు లాగేసి, తడి గుడ్డ సింకు అంచున వేలాడదీసి ఇంటికి పోతారు. ఆ గుడ్డే రాత్రంతా వాటికి చలివేంద్రం. సింకు లోపల కూడా పొడిగుడ్డతో తుడిచి, తడి గుడ్డలన్నీ బయట తీగమీద ఆరేసి, కారే కుళాయికి వాషరు మార్పిస్తే, ఆ తర్వాత పెట్టే ఏ మందైనా బాగా పనిచేస్తుంది.

జిగురు అట్టల లెక్క

కంటితో చూసింది కొంత, అట్ట చెప్పేది కొంత. జిగురు పూసిన చిన్న అట్టలు, గుడారంలా మడిచి పెట్టేవి, బజార్లో దొరుకుతాయి. వీటితో బొద్దింకలను నిర్మూలించలేం, లెక్క మాత్రం తెలుస్తుంది. ప్రతి అట్టకూ ఒక నంబరు, పెట్టిన తేదీ వేయాలి. బొద్దింక గోడ అంచు వెంట నడుస్తుంది కాబట్టి అట్టను గోడకు ఆనించి మూలలో పెట్టాలి. ఒక అడుగు ఇవతల పెడితే ఖాళీగానే మిగులుతుంది. వంటగది పటం కాగితం మీద గీసి, ఏ నంబరు ఎక్కడుందో గుర్తు పెట్టుకోవాలి. వారానికొకసారి తీసి లెక్కపెట్టి రాయాలి. పెద్దవి ఎన్ని, పిల్లలు ఎన్ని విడివిడిగా. పిల్లలు ఎక్కువ పడిన అట్ట పక్కనే పుట్టిల్లు ఉంటుంది, ఎందుకంటే పిల్లలు దూరం పోవు.

ఇది ఎలా పనికొస్తుందో ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. విజయవాడలో పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం భోజనాలు పెట్టే ఒక మామూలు హోటల్ అనుకోండి. పది అట్టలు పెట్టారు. మొదటి వారం మొత్తం అరవై నాలుగు బొద్దింకలు పడ్డాయి. అందులో ఫ్రిజ్ వెనకున్న మూడో నంబరులో ఇరవై ఏడు, గ్రైండరు పక్కనున్న ఆరో నంబరులో ఇరవై ఒకటి. మిగతా ఎనిమిదింటిలో కలిపి పదహారు. అంటే హోటల్ అంతా మందు కొట్టాల్సిన పనే లేదు, జబ్బు రెండు చోట్లే ఉంది.

ఆ రాత్రి ఫ్రిజ్ ముందుకు లాగి, గ్రైండరు మోటారు పెట్టె మూత విప్పి, ముందు వాక్యూమ్ క్లీనరు గొట్టంతో దొరికినంతా పీల్చేశారు. ఇది చాలామందికి తోచని పని. బొద్దింకలతో పాటు తిత్తులు, చర్మాలు, రెట్ట అన్నీ పోతాయి, ఏ మందూ ఇంత త్వరగా ఇంత పని చేయదు. సంచి కట్టి వెంటనే బయట పారేయాలి. తర్వాత జిడ్డు వేడినీళ్లతో, సబ్బుతో వదలగొట్టి, బాగా ఆరాక జెల్ పెట్టారు.

జెల్ అంటే తిండిలో మందు కలిపిన ముద్ద. మన దేశంలో ఫిప్రోనిల్ లేక ఇమిడాక్లోప్రిడ్ ఉన్న జెల్‌లు ఎక్కువగా వాడతారు. సిరంజిలాంటి గొట్టంలో వస్తుంది. కందిపప్పు బద్దలో సగమంత చుక్కలు, సందుల లోపల, తలుపు బందుల దగ్గర, మోటారు పెట్టె మూలల్లో పెట్టాలి. పెద్ద ముద్దలు నాలుగు పెట్టే కన్నా చిన్న చుక్కలు నలభై పెట్టడం మేలు, ఎందుకంటే బొద్దింక గూటికి దగ్గర్లోనే తిండి వెతుక్కుంటుంది. తిన్నది వెంటనే చావకుండా గూటికి పోయి అక్కడ చస్తుంది. దాని రెట్టనూ శవాన్నీ పిల్లలు తింటాయి, అవీ పోతాయి. పంపు మందు చేరలేని చోటికి బొద్దింకే మందును మోసుకుపోతుందన్నమాట.

ఇక్కడే సగం హోటళ్లు చెడగొట్టుకుంటాయి. జెల్ పెట్టిన మర్నాడు, ఎందుకైనా మంచిదని పంపు కూడా కొట్టిస్తారు. చుక్కల మీద స్ప్రే పడితే ఆ వాసనకు బొద్దింక దాని దగ్గరికి కూడా రాదు. ఫినాయిలు పడినా అంతే. పక్కనే పెనం కింద దోసె పిండి తుంపరలు, నూనె జిడ్డు ఉంటే, వాటిని వదిలి జెల్ ఎందుకు తింటుంది? విందు పెట్టి పక్కన మందు గుళిక పెట్టినట్టు ఉంటుంది.

మళ్లీ మన లెక్కకు వద్దాం. రెండో వారం ముప్పై ఒకటి, మూడో వారం పద్నాలుగు. అందరికీ సంతోషం. నాలుగో వారం పంతొమ్మిది! పుస్తకం లేని హోటల్‌లో అయితే ఇక్కడ కంపెనీని తిట్టి మార్చేస్తారు. పుస్తకం ఉంది కాబట్టి విడివిడి లెక్క చూశారు. పంతొమ్మిదిలో పదహారు చిన్న పిల్లలు, అవీ ఆరో నంబరు దగ్గరే. మొదటి విడతలో తప్పించుకున్న తిత్తులు పగిలాయి. ఇది రావాల్సిందే. అందుకే జెల్ ఒక్కసారి పెట్టి ఊరుకోకూడదు, రెండు మూడు వారాలకు పాత చుక్కలు ఎండిపోయాయో లేదో చూసి కొత్తవి పెట్టాలి. పెట్టారు. ఆరో వారానికి ఆరు, ఎనిమిదో వారం మొదటి రెండు చోట్లా సున్నా.

కానీ అదే ఎనిమిదో వారం స్టోరు గదిలోని తొమ్మిదో నంబరు అట్టలో ఐదు పడ్డాయి, ఏడు వారాలుగా ఒక్కటి కూడా పడని చోట. పెద్దవే ఐదూ. అక్కడే పుట్టినవైతే పిల్లలు ఉండాలి, లేవు కాబట్టి బయటి నుంచి వచ్చాయి. సరుకుల రిజిస్టరు తిప్పితే, ఆ వారమే గుడ్ల సప్లయరు మారాడని తేలింది. అట్ట ట్రేలను వంటగదిలోకి తేకుండా గేటు దగ్గరే గుడ్లను ప్లాస్టిక్ ట్రేల్లోకి మార్చి, అట్టలు తిరిగి పంపేయడం మొదలెట్టాక తొమ్మిదో నంబరు మళ్లీ ఖాళీ అయింది.

కొన్నిసార్లు జెల్ సరిగ్గా పెట్టినా, శుభ్రంగా ఉన్నా, అంకె కదలదు. అప్పుడు రెండు అనుమానాలు. ఒకటి, గోడ అవతల పక్కవాడి వంటగది. పైపు గోడలోంచి వచ్చే చోట సందు పూడ్చక ఎన్ని సార్లు మందు పెట్టినా అవతలి నుంచి సరఫరా ఆగదు. రెండు, ఆ బొద్దింకలకు ఆ జెల్ సరిపడటం లేదు. కొన్ని సంతతుల్లో తీపి, అంటే గ్లూకోజ్, చేదుగా తగిలే గుణం పుట్టిందని శాస్త్రవేత్తలు 1990ల్లోనే గుర్తించారు. తీపి జెల్‌ను ముట్టవు. అప్పుడు కంపెనీ పేరు మారిస్తే చాలదు, మందూ ఎరా రెండూ వేరైన జెల్‌కు మారాలి.

స్టోరు గది

బొద్దింక ఎక్కువసార్లు కాళ్లతో నడిచి రాదు, మనమే బండిలో తెచ్చుకుంటాం. గుడ్ల ట్రేలు, కూల్‌డ్రింకుల క్రేట్లు, నూనె ప్యాకెట్ల అట్టపెట్టెలు, ఊరెళ్లి వచ్చిన కుర్రాడి బ్యాగు. అట్ట లోపలి ముడతలు దానికి సరిపడే ఇరుకు. అందుకే అట్టపెట్టె స్టోరు గుమ్మం దాటకూడదన్న ఒక్క నియమం గట్టిగా పాటించినా చాలా సమస్య తీరుతుంది. సరుకు దించేటప్పుడు బిల్లు చూసే మనిషే టార్చి వేసి సంచి కుట్లు, పెట్టె మడతలు చూడాలి. సంచి మీద పళ్ల గాట్లు, తడి మరకలు ఉంటే అక్కడికక్కడే తిప్పి పంపాలి. దించుకున్నాక గొడవ పెట్టుకుంటే సప్లయరు వినడు.

లోపల సంచులు నేలకు ఆరు అంగుళాల ఎత్తున బల్లచెక్కల మీద ఉండాలి, గోడకు ఒకటిన్నర అడుగు ఇవతల ఉండాలి. ఆ ఒకటిన్నర అడుగు చూసి ఓనర్లు వాపోతారు, అద్దె కట్టే చోటులో అంత ఖాళీ వదలాలా అని. మనిషి దూరి చీపురు, టార్చి పట్టుకుని నడవడానికే ఆ దారి. ఎలుక గోడవెంట నడుస్తుంది. గోడకు సంచి ఆనిస్తే అది ఎలుకకు పైకప్పున్న రోడ్డు.

బియ్యంలో ముక్కపురుగు కథ వేరు. ఆడపురుగు గింజకు చిన్న బెజ్జం పెట్టి లోపల గుడ్డు పెట్టి పూడ్చేస్తుంది. పిల్ల గింజ లోపలే తిని పెరిగి, నెల రోజులకు పురుగై బయటికి వస్తుంది. అంటే కొన్నప్పుడు శుభ్రంగా కనబడ్డ బియ్యంలో నెల తర్వాత పురుగు కనబడితే మీ స్టోరులోనే పట్టిందని అనుకోనక్కర్లేదు, మిల్లు నుంచే వచ్చి ఉండొచ్చు. దీనికి మందు వెతక్కండి. పదిహేను రోజులకు సరిపడేంతే కొనండి, సంచి మీద పెద్ద అక్షరాలతో వచ్చిన తేదీ రాయండి, పాతది ముందు వాడండి. కొత్త సంచులు ముందు వరసలో పడేసి, వెనక పాతవి నెలల తరబడి మగ్గిపోవడమే ప్రతి స్టోరులో జరిగే తప్పు. రవ్వ, మైదా, శనగపిండి లాంటివి ప్యాకెట్టు విప్పగానే బిగుతు మూత డబ్బాలోకి పోవాలి. డబ్బా ఖాళీ అయ్యాక అడుగున మిగిలిన పిండి మీదే కొత్తది పోయకూడదు, కడిగి ఎండబెట్టి పోయాలి. అడుగు పిండిలోనే పురుగు వంశం నిలుస్తుంది.

బియ్యానికి పురుగు పట్టిందని సల్ఫాస్ బిళ్లలు తెచ్చి సంచుల మధ్య పెట్టే హోటళ్లు ఇంకా ఉన్నాయి. అది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తడి తగిలితే ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. పక్క గదిలో పడుకున్న మనుషుల ప్రాణాలు తీసిన వాయువు అది. ప్రభుత్వ అనుమతి ఉన్న నిపుణులు తప్ప ఎవరూ ముట్టకూడదు. డైక్లోర్వాస్ అని ఒకప్పుడు అందరూ కొట్టిన ఘాటు మందునైతే మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధించారు. ఎవరైనా పాత డబ్బా తెచ్చి కొడతానంటే గుమ్మంలోనే ఆపేయండి.

ఎలుకల సంగతి

చిట్టెలుకకు ఆరు మిల్లీమీటర్ల సందు చాలు, అంటే పెన్సిలు దూరే సందు. పెద్ద ఎలుకకు బొటనవేలు దూరేంత సందు చాలు. వెనక తలుపు కింద వెలుతురు కనబడుతోందంటే ఎలుకకు దారి ఉన్నట్టే. ఇనుప రేకో గట్టి బ్రష్షు పట్టీయో కొట్టించాలి. పైపుల చుట్టూ సందుల్ని స్టీలు పీచు కుక్కి సిమెంటుతో మూయాలి, ఒట్టి నురగ నింపితే కొరికేస్తుంది.

పెంటికలు చూసి ఏది తిరుగుతోందో చెప్పొచ్చు. బియ్యపు గింజంత ఉంటే చిట్టెలుక. దానికి మూడు నాలుగింతలుంటే పెద్ద ఎలుక. మెత్తగా, నల్లగా, మెరుస్తూ ఉంటే నిన్నటివి, బూడిదరంగు తిరిగి పొడిపొడిగా రాలిపోతే పాతవి. అనుమానం ఉన్నచోట రాత్రి నేలమీద పలచగా పిండి చల్లి పొద్దున అడుగులు చూడండి, చూశాక తుడిచేయండి.

పెద్ద ఎలుక కొత్త వస్తువును నమ్మదు. బోను తెచ్చి ఆ రాత్రే బిగిస్తే నాలుగు రోజులు పక్కనుంచి పోతుంది. ముందు నాలుగైదు రోజులు ఎర పెట్టి, బిగించకుండా వదిలేసి, తినడం అలవాటయ్యాక బిగించాలి. వంటగది లోపల ఎలుకల మందు పెట్టడం నాకు ఏ పరిస్థితిలోనూ సమ్మతం కాదు. బిళ్ల తిన్న ఎలుక నాలుగైదు రోజులకు గానీ చావదు, చచ్చేది ఫాల్స్ సీలింగు పైనో, ఫ్రిజ్ కిందో. వాసన వచ్చేదాకా తెలియదు, ఆ లోపల ఈగలు చేరతాయి. మందు బయటే, తాళం వేసే పెట్టెల్లోనే ఉండాలి.

ఈగల గురించి ఒక్క మాట. నీలి లైటు బోను కొంటే వంటబల్ల మీదుగా వేలాడదీయకండి, తలుపుకు ఎదురుగా పెట్టకండి. మొదటి దానివల్ల ఈగల ముక్కలు కూరల్లో పడతాయి, రెండో దానివల్ల బయటి ఈగలు కూడా లోపలికి వస్తాయి. ట్యూబు వెలుగుతూనే ఉన్నా ఏడాది తిరిగేసరికి ఈగను పిలిచే కిరణాలు బాగా తగ్గిపోతాయి, మార్చాలి.

పుస్తకం ఎలా ఉండాలి

చట్టం ఈ పుస్తకం అడుగుతుంది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 కింద 2011లో వచ్చిన లైసెన్సు నిబంధనల నాలుగో షెడ్యూలు ప్రకారం, హోటల్లో పురుగులు, ఎలుకలు రాకుండా సందులు, మోరీలు మూసి ఉంచాలి, వాడిన పురుగుమందుల వివరాలు, తేదీలు రాసి ఉంచాలి. అపరిశుభ్రంగా వండితే అదే చట్టంలోని 56వ సెక్షను కింద లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. 2024లో తెలంగాణ ఆహార భద్రత అధికారులు హైదరాబాద్ హోటళ్లలో వరసగా తనిఖీలు చేసి వివరాలు బయటపెట్టినప్పుడు, బొద్దింకలతో పాటు పెస్ట్ కంట్రోల్ రికార్డులు లేవన్న మాట కూడా మళ్లీ మళ్లీ వినబడింది.

రాయాల్సినవి ఎక్కువేం లేవు. మొదటి పుస్తకం కనబడినవాటిది. తేదీ, వేళ, చోటు, ఏది, ఎన్ని, ఎవరు చూశారు, ఏం చేశారు. ఇది స్టోరులో తాళం వేసి ఉంచితే వృథా, గిన్నెలు తోమే మనిషికీ అందేలా మేకుకు వేలాడదీయాలి. ఎక్కువగా చూసేది వాళ్లే. రాయడం రాకపోతే నోటితో చెబితే మాస్టరు రాయాలి. "నీ దగ్గరే ఎందుకు కనబడుతున్నాయి?" అని ఒక్కసారి కసిరితే మరుసటి రోజు నుంచి ఎవరూ చెప్పరు. రెండో పుస్తకం అట్టల లెక్క. మూడోది కంపెనీ ఇచ్చే కాగితాల ఫైలు. ప్రతి కాగితం మీద మందు అసలు పేరు, ఎంత శాతం, ఎంత వాడారు, ఎక్కడ పెట్టారు, వచ్చిన మనిషి సంతకం ఉండాలి. 'జనరల్ సర్వీస్ చేశాం' అని మాత్రమే రాసి ఉంటే ఆ కాగితానికి విలువ లేదు.

అనుభవమున్న అధికారి పుస్తకం తెరవగానే అసలుదో కాదో పసిగడతాడు. ముప్పై రోజులూ ఒకే పెన్ను, ఒకే చేతిరాత, అన్నిట్లోనూ 'నిల్' అని ఉంటే అది నిన్న రాత్రి రాసిన పుస్తకం. నూనె మరకలు, కొట్టివేతలు, నాలుగు చేతిరాతలు, అప్పుడప్పుడు 'రెండు బొద్దింకలు, ఫ్రిజ్ రబ్బరు, తుడిచి జెల్ పెట్టాం' అన్న వాక్యం ఉంటేనే నమ్మకం కలుగుతుంది. బొద్దింక కనబడిందని రాసుకున్న హోటల్‌ను చూసి భయపడక్కర్లేదు. ఎన్నడూ కనబడలేదని రాసుకున్న హోటల్‌ను చూసే జంకాలి.

కొత్త ఏడాదికి పెస్ట్ కంట్రోల్ ఒప్పందం రాసుకునే హోటల్ యజమానులు కంపెనీని నాలుగు ప్రశ్నలు అడగండి. పురుగుమందుల చట్టం కింద మీకు లైసెన్సు ఉందా? వంటగది కట్టేశాక రాత్రి పదకొండున్నరకు వస్తారా? అట్టల లెక్క చూసి మందు పెడతారా, లెక్క చూడకుండా కొడతారా? వాడే మందు పేరు బిల్లు మీద రాస్తారా? నాలుగింటిలో ఒక్కదానికి కాదన్నా, ఎంత తక్కువ రేటు చెప్పినా సరే, ఆ కంపెనీతో సంతకం పెట్టకండి.